రూపాయికి పావలా: ఏడో తరగతి నిష్పత్తుల వర్క్‌షీటు డైరీ

కోవూరు వైపు ఒక హైస్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. నిష్పత్తి, అనుపాతం పాఠం కోసం ఈసారి వర్క్‌షీటు నేనే తయారు చేస్తున్నాను. ఒకే కాగితం, రెండు వైపులా కలిపి నాలుగు లెక్కలు. డబ్బు పంచుకునేవి రెండు, వంట కొలతలది ఒకటి, బాడుగ పంచేది ఒకటి. లెక్కలు రాయడం పెద్ద పని కాదు. ప్రతి లెక్క కింద 'సరిచూడు' అని ఒక పెట్టె పెట్టాలి. తప్పు జవాబు ఆ పెట్టె దగ్గర ఆగిపోవాలి. అలాంటి పెట్టె ఎలా ఉండాలో తేల్చుకోవడమే ఈ ప్రాజెక్టు. ఏం చేశానో, పిల్లలు ఏం చేశారో ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

పాత నోటుబుక్కులు

పని మొదలుపెట్టే ముందు గతేడాది పిల్లల నోటుబుక్కులు తెప్పించుకుని, పంపకాల లెక్కల్లో చివరి లైను మాత్రమే చూస్తూ పోయాను. అందరిదీ ఒకే పద్ధతి. వచ్చిన వాటాలు కూడతారు, మొత్తం వస్తుంది, 'సరిచూడబడినది' అని రాసి కింద గీత కొడతారు. ఒక పాప పుస్తకంలో ఆ గీత స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో ఎంతో అందంగా కొట్టి ఉంది. పైన జవాబు మాత్రం తారుమారు. పెద్ద వాటా రావాల్సిన మనిషికి చిన్నది, చిన్నది రావాల్సిన మనిషికి పెద్దది వేసింది. అయినా కూడితే మొత్తం సరిగ్గానే వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? వాటాలను ఎవరి పేరు పక్కన రాసినా మొత్తం మారదు కదా.

అంటే పిల్లలు సరిచూడటం మానేయలేదు, చూస్తూనే ఉన్నారు. వాళ్ల చేతిలో ఉన్న పరీక్షకు ఈ తప్పు కనబడదు, అంతే. ఏ తప్పు ఏ పరీక్షకు దొరుకుతుందో ముందు తేలాలి. అందుకని ఒక్క లెక్క తీసుకుని, దానికి పిల్లలు రాసే రకరకాల తప్పు జవాబులన్నీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

రొయ్యల చెరువు లెక్క

మా దగ్గర పిల్లల ఇళ్లలో రొయ్యల మాట రోజూ నడుస్తుంది. ఇందుకూరుపేట, అల్లూరు వైపు బంధువులున్న వాళ్లకు కౌలు చెరువు అంటే విడమరచి చెప్పక్కర్లేదు. లెక్క ఇలా రాశాను:

ముగ్గురు స్నేహితులు కలిసి ఒక రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నారు. మొదటి వ్యక్తి 1,20,000 రూపాయలు, రెండో వ్యక్తి 1,80,000, మూడో వ్యక్తి 3,00,000 పెట్టుబడి పెట్టారు. పంట అమ్మాక ఖర్చులన్నీ పోను 1,50,000 రూపాయల లాభం మిగిలింది. పెట్టుబడి నిష్పత్తిలో పంచుకుంటే ఎవరికెంత?

చేసే విధానం అందరికీ తెలిసిందే. 1,20,000 : 1,80,000 : 3,00,000 ని అన్నింటినీ 60,000తో భాగిస్తే 2 : 3 : 5. భాగాలు మొత్తం 10. ఒక్కో భాగం 15,000. కాబట్టి వాటాలు 30,000, 45,000, 75,000.

ఇప్పుడు తప్పు జవాబుల సంగతి. ముగ్గురికీ సమానంగా తలా 50,000 అని రాసేవాళ్లుంటారు. వరస తిప్పి 75,000, 45,000, 30,000 అని రాసేవాళ్లుంటారు. ఎక్కువ పెట్టినవాడికి ఎక్కువ రావాలని మాత్రం పట్టుకుని, ఒకే తేడాతో 40,000, 50,000, 60,000 అని సర్దేవాళ్లు కూడా ఉంటారు. ఈ మూడింటినీ కూడి చూడండి. మూడూ 1,50,000 వస్తాయి. కూడిక పరీక్షకు వీటిలో ఒక్కటీ దొరకదు.

దానికి దొరికేది ఒకటుంది. కొందరు లాభాన్ని నేరుగా 2తో, 3తో, 5తో విడివిడిగా భాగిస్తారు. 75,000, 50,000, 30,000 వస్తాయి. కూడితే 1,55,000. లేని ఐదు వేలు ఎక్కడి నుంచో వచ్చాయి కాబట్టి ఇది కూడిక దగ్గరే ఆగిపోతుంది. అంచేత కూడికను తీసెయ్యను. దాని పక్కన ఇంకోటి కావాలి.

ఆ ఇంకోటి కోసం చెరువు గట్టు మీద పెద్దవాళ్లు లెక్క ఎలా చూసుకుంటారో ఆలోచించాను. వాళ్లు నిష్పత్తి అనరు. 'రూపాయికి ఎంత పడింది?' అని అడుగుతారు. అదే మనకు కావాల్సిన పరీక్ష. మొదటి వ్యక్తి 1,20,000 పెడితే 30,000 వచ్చింది, నాలుగో వంతు. రెండో వ్యక్తికి 1,80,000కి 45,000, అదీ నాలుగో వంతే. మూడో వ్యక్తికి 3,00,000కి 75,000, మళ్లీ నాలుగో వంతు. ముగ్గురికీ రూపాయికి పావలా పడింది. పంపకం న్యాయంగా ఉంది.

అదే సమాన వాటాల జవాబును ఇందులో పెడితే, మొదటి వ్యక్తికి రూపాయికి దాదాపు 42 పైసలు, మూడో వ్యక్తికి 17 పైసలు కూడా నిండవు. అందరికంటే ఎక్కువ డబ్బు పెట్టినవాడు ఊరుకుంటాడా? తిప్పి రాసిన జవాబు, తేడాతో సర్దిన జవాబు కూడా ఇక్కడే బయటపడతాయి.

సరే, రూపాయి పరీక్ష ఒక్కటే చాలదా అంటే చాలదు. లాభం 1,50,000 అని ఉంటే కంగారులో 1,20,000 అని చదివి చేసిన పిల్లవాడికి 24,000, 36,000, 60,000 వస్తాయి. అందరికీ రూపాయికి 20 పైసలు. న్యాయంగానే ఉంది కానీ, 30,000 రూపాయలు ఎవరికీ చేరకుండా మిగిలిపోయాయి. దీన్ని పట్టేది కూడికే. కాబట్టి ప్రతి పంపకం లెక్క కిందా రెండు పెట్టెలు ఉండాలి.

తరగతిలో వేసిన రోజు

జిరాక్స్ తీయించి ఒక్క చెరువు లెక్కనే ఇచ్చాను. కింద రెండు పెట్టెలు: 'మొత్తం వచ్చిందా?', 'ఒక్క రూపాయికి ఎంత?'. 25 పైసల బిళ్ల 2011లోనే చెల్లుబాటు కాకుండా పోయింది, ఈ పిల్లలు దాన్ని వాడి ఎరగరు. అయినా పావలా అంటే రూపాయిలో నాలుగో వంతని ఇంట్లో విని ఉన్నారు. ఆ మాట బోర్డు మీద రాయగానే లెక్క చాలామందికి దగ్గరైంది.

ఆ రోజు నాకు బాగా పనికొచ్చింది మధ్య వరసలో ఒక అబ్బాయి జవాబు. 12 : 18 : 30 వరకు సరిగ్గా వచ్చాడు. తర్వాత 12ని 6తో, 18ని 6తో భాగించి 2, 3 రాశాడు. 30ని మాత్రం 3తో భాగించి 10 వేశాడు. అలా 2 : 3 : 10 అయింది. భాగాలు 15, ఒక్కో భాగం 10,000. వాటాలు 20,000, 30,000, 1,00,000. కూడితే 1,50,000. మొదటి పెట్టెలో టిక్కు పడింది.

రెండో పెట్టెలో ఏం రాశాడో చూశాను. 20,000 ÷ 2 = 10,000, 30,000 ÷ 3 = 10,000, 1,00,000 ÷ 10 = 10,000. మూడూ సమానం, మళ్లీ టిక్కు. పరీక్షకు లెక్కలో ఇచ్చిన పెట్టుబడులు వాడకుండా, తను తేల్చిన నిష్పత్తినే వాడాడు. అందులో తప్పుంటే ఆ తప్పుతోనే సరిచూసుకున్నట్టయింది, ఇక అది ఎలా బయటపడుతుంది?

పక్కన కూర్చుని, "అబ్బయ్యా, ఈ 2, 3, 10 ఎవరి జేబులోంచి వచ్చినయ్?" అని అడిగాను.

"నేనే చేశా సార్."

"మరి వాళ్లు పెట్టింది ఎంత?"

లెక్క మళ్లీ చదివాడు. 20,000ని 1,20,000 కింద రాసి ఆరో వంతు అన్నాడు. రెండోది కూడా ఆరో వంతు. మూడోది 3,00,000కి 1,00,000, మూడో వంతు. పెన్ను అక్కడే ఆగింది. ఎక్కడ తప్పిందో నేను చెప్పలేదు. మూడో వ్యక్తి దగ్గరే తేడా వచ్చింది కాబట్టి, నేరుగా వెళ్లి ఆ 30 ÷ 3 దగ్గర వేలు పెట్టాడు. తప్పు ఉందని చెప్పడమే కాకుండా ఎక్కడుందో కూడా ఈ పరీక్ష చూపిస్తోంది. కూడికకు ఆ గుణం లేదు. మొత్తం రాలేదంటుంది, ఎవరి వాటా చెడిందో చెప్పదు.

అందుకని రెండో పెట్టె పైన చిన్న అక్షరాలతో ఒక వాక్యం చేర్చాను: 'ఇక్కడ వాడే అంకెలు లెక్కలోంచే తీసుకోవాలి, నీ సాధనలోంచి కాదు.' వర్క్‌షీటు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఇదేనని నా నమ్మకం.

పీరియడ్ చివర్లో ఒక ప్రశ్న వేశాను. రెండు పెట్టెలకూ సరిపోయి కూడా తప్పయ్యే జవాబు ఎవరైనా తయారు చేయగలరా? కాసేపు గోల గోలగా ప్రయత్నించారు. కిటికీ పక్కన కూర్చునే పాప చెప్పిన మాట బాగుంది. "ఒకరికి ఎక్కువేస్తే ఇంకొకరికి తగ్గించాల సార్, అప్పుడు రూపాయికి పడేది ఇద్దరికీ ఒకటి కాదు." సరిగ్గా అదే కారణం. రూపాయికి పడేది అందరికీ ఒకటే అయినప్పుడు, అది ఎంతో మొత్తమే తేల్చేస్తుంది. పెట్టుబడి అంతా కలిపి 6,00,000, లాభం 1,50,000, కాబట్టి పావలా తప్ప ఇంకోటి కుదరదు. రెండు పెట్టెలూ నిండితే జవాబు ఒక్కటే మిగులుతుంది.

ఆ మాట విన్న వెంటనే ఇద్దరు పిల్లలు లెక్కనే ఆ దారిలో చేసేశారు. ముందు పావలా కనుక్కుని, దాంతో ఒక్కొక్కరి పెట్టుబడిని గుణించారు. చక్కటి పద్ధతి. అయితే ఇలా చేసినవాళ్లకు రెండో పెట్టె పరీక్ష కాదు, చేసిన పనినే మళ్లీ చేయడం అవుతుంది. వాళ్లను వచ్చిన వాటాలను 30 : 45 : 75 అని రాసి 15తో భాగించి, పెట్టుబడులను విడిగా సూక్ష్మీకరించి, రెండూ 2 : 3 : 5 అవుతున్నాయో లేదో చూడమన్నాను. వెళ్లిన దారిలో కాకుండా వేరే దారిలో తిరిగి రావాలి.

అన్నదమ్ముల లెక్క

రెండో లెక్కలో మొత్తం ఇవ్వలేదు. కావాలనే అలా పెట్టాను. 'అన్నదమ్ములు కొంత డబ్బును 5 : 3 నిష్పత్తిలో పంచుకున్నారు. అన్నకు తమ్ముడి కంటే 12,000 రూపాయలు ఎక్కువ వచ్చింది. ఎవరికెంత?'

ఎక్కువ వచ్చింది 5 – 3, అంటే 2 భాగాలు. 2 భాగాలు 12,000 కాబట్టి ఒక భాగం 6,000. అన్నకు 30,000, తమ్ముడికి 18,000.

తరగతిలో సగం మంది దాకా 12,000ని 8 భాగాలు చేశారు. ఒక భాగం 1,500, అన్నకు 7,500, తమ్ముడికి 4,500. లెక్కలో కనిపించిన పెద్ద అంకె మొత్తమే అయి ఉంటుందని ముందే అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. 'మొత్తం వచ్చిందా?' అన్న పెట్టెలో వాళ్లు 7,500 + 4,500 = 12,000 అని నింపారు. రెండో పెట్టెలో 7,500 ÷ 5, 4,500 ÷ 3 రెండూ 1,500. నిష్పత్తి లెక్కలోనే ఇచ్చినది కాబట్టి అంకెలు లెక్కలోవే వాడినట్టు కూడా అయింది. రెండు టిక్కులూ పడ్డాయి, జవాబు మాత్రం తప్పు.

ఇక్కడ పిల్లలకు 'మొత్తం' అన్న మాటను పెట్టె పైన మనమే అందిస్తున్నాం. అది చదివాక 12,000 మొత్తం కాదేమో అన్న అనుమానం ఎవరికి వస్తుంది? అందుకని మొదటి పెట్టెను మార్చాను. ఇప్పుడు అందులో రెండు గీతలు ఉన్నాయి:

లెక్కలో చెప్పిన సంగతి: ____________
నా జవాబులో అది: ____________

మొదటి గీత మీద అంకె ఒక్కటే రాస్తే ఒప్పుకోను. 'అన్నకు 12,000 ఎక్కువ' అని మాటల్లో పూర్తిగా రాయాలి. అది రాశాక రెండో గీత మీద 7,500 – 4,500 = 3,000 అని రాయకుండా తప్పించుకోలేరు. చెరువు లెక్కకైతే అదే గీత మీద 'ముగ్గురి లాభం కలిపి 1,50,000' అని వస్తుంది. పెట్టె ఒకటే, ఏ లెక్కకు ఆ లెక్క మాట అందులోకి వస్తుంది.

మార్చిన పెట్టెతో ఇంకో సెక్షన్‌కు ఇచ్చినప్పుడు, 8తో భాగించిన వాళ్లు అక్కడా ఉన్నారు. కానీ చాలామంది కాగితం నా దగ్గరికి రాకముందే కొట్టేసి మళ్లీ చేసుకున్నారు. కొట్టివేతలున్న కాగితాలు చూస్తే నాకు సంతోషంగా ఉంది. పెట్టె పని చేస్తోందనడానికి గుర్తులు అవే.

చేపల పులుసు

నెల్లూరులో వంట లెక్క అంటే చేపల పులుసు కాక ఇంకేముంటుంది. 2 కిలోల చేపలకు 150 గ్రాముల చింతపండు, 3 పుల్ల మామిడికాయలు పడతాయి. ఇంటికి చుట్టాలొచ్చారు, 5 కిలోల చేపలు తెచ్చారు. పులుపు మారకుండా ఉండాలంటే చింతపండు ఎంత, మామిడికాయలు ఎన్ని?

2, 5 అన్న అంకెలు ఆలోచించే ఎంచుకున్నాను. 2 కిలోల నుంచి 4 కిలోలకు పెంచమంటే అందరూ రెట్టింపు చేస్తారు, ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో తెలియదు. 2 నుంచి 5 అనేసరికి రెట్టింపు కుదరదు. అప్పుడు కొందరు కూడికలోకి జారిపోతారు. చేపలు 3 కిలోలు పెరిగాయి, కాబట్టి మామిడికాయలు కూడా 3 పెంచి 6 అంటారు. తమాషా ఏమిటంటే వీళ్లే చింతపండు దగ్గర 150కి 3 కలిపి 153 గ్రాములు అని రాయరు. అది తప్పని కంటికే తెలుస్తుంది. చిన్న అంకెల దగ్గర ఆ తప్పు దాక్కుంటుంది. అందుకే మామిడికాయలను లెక్కలో ఉంచాను.

రెండో రకం తప్పు అనుపాతం రాసేటప్పుడు వస్తుంది. 2 : 3 = 5 : x అని రాయాల్సిన చోట 2 : 3 = x : 5 అని రాస్తారు. అంటే చేపలుండాల్సిన చోట మామిడికాయలు, మామిడికాయల చోట చేపలు. అంత్యముల లబ్ధం మధ్యమముల లబ్ధానికి సమానం అన్న సూత్రం వాడితే x = 3⅓ వస్తుంది. ఆ సూత్రంతోనే సరిచూస్తే 2 × 5 = 10, 3 × 3⅓ = 10. చక్కగా సరిపోతుంది! తప్పుగా రాసుకున్న సమీకరణాన్ని తప్పు లేకుండా సాధించాడని మాత్రమే అది చెబుతుంది. అందుకని వంట లెక్కలో ఆ సూత్రంతో సరిచూడటాన్ని ఒప్పుకోకూడదని తీర్మానించుకున్నాను.

దీనికి మొదటి పెట్టెను లెక్క చేయకముందే నింపిస్తున్నాను. 4 కిలోలైతే 6 కాయలు, 6 కిలోలైతే 9 కాయలు. కాబట్టి 5 కిలోలకు కాయలు 6కీ 9కీ మధ్య ఉండాలి. ఇది పెన్నుతో ముందే రాసి పెట్టుకుంటే 3⅓ వచ్చినప్పుడు పిల్లలే ఉలిక్కిపడతారు. 6 వచ్చినవాళ్లకు కూడా, అది 4 కిలోల జవాబు కదా అని తడుతుంది. సరైన జవాబు 7½ కాయలు, చింతపండు 375 గ్రాములు. రెండో పెట్టెలో ఒక్క కిలోకి ఎంత అని చూస్తే కిలోకి 1½ కాయ, 75 గ్రాముల చింతపండు. రెండు కిలోలకూ అంతే, ఐదు కిలోలకూ అంతే. 6 కాయలు వేస్తే కిలోకి 1.2 కాయే పడుతుంది, పులుపు తగ్గుతుంది. ఏడున్నర కాయలు ఎలా కోస్తారు సార్ అని ఎవరూ అడగలేదు. మామిడికాయ సగం వాడటం వాళ్లకు ఇంట్లో మామూలే.

ఈ లెక్క పెట్టే ముందు బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కను అడిగాను. అన్నీ చేపలతో పాటు అదే లెక్కన పెరుగుతాయా అని.

"చింతపండు, ఉప్పు, కారం పెరగద్ది సార్. పోపులో నూనె అంత ఎందుకు పడద్ది? ఉడికే టైము కూడా అంతే, రెండు కిలోలు అరగంటైతే ఐదు కిలోలకి గంటుంబావు పొయ్యి మీద పెడితే ముక్క చిదురైపోద్ది."

ఆమె మాట ప్రకారం లెక్కలోంచి నూనెను, సమయాన్ని తీసేశాను. 'పులుపు మారకుండా' అన్న షరతు చేర్చింది కూడా అందుకే. ఏది అనుపాతంలో ఉండాలో లెక్కలోనే చెప్పకపోతే, ఇంట్లో వంట చూసే పిల్లలకు అన్యాయం చేసినట్టవుతుంది.

ఆ అక్క దగ్గరే ఇంకో మంచి ఉదాహరణ దొరికింది. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు లెక్క. ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు. రెండింటిలోనూ బియ్యం పప్పుకు అయిదు రెట్లు. హాజరు ఎంతైనా ఈ అయిదు రెట్లు మారదు. 84 మందికి బియ్యం 12,600 గ్రాములు, పప్పు 2,520 గ్రాములు. ఒక పాప పప్పును 252 గ్రాములని రాసింది. బియ్యాన్ని దాంతో భాగించమన్నాను, 50 వచ్చింది. సున్నా ఎక్కడ జారిందో వెంటనే కనిపెట్టింది. అయితే 84 బదులు 48 మందని రాసుకున్నా ఈ అయిదు రెట్లు నిలబడే ఉంటుంది. హాజరు తప్పును ఇది పట్టదు, దానికి మొదటి పెట్టే దిక్కు.

పుట్టి, కిలో

నాలుగో లెక్క ప్రమాణాల కోసం. ఇద్దరు రైతులు ఒకే బండిలో ధాన్యం పంపారు. ఒకరిది 2 పుట్లు, ఇంకొకరిది 1,275 కిలోలు. బాడుగ 3,500 రూపాయలు బరువును బట్టి పంచుకోవాలి. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. బయటి జిల్లాల్లో పుట్టి లెక్క వేరు, అందుకని కిలోల్లో ఎంతో లెక్కలోనే రాశాను. 2 పుట్లు 1,700 కిలోలు, 1,700 : 1,275 అంటే 4 : 3. బాడుగ 2,000, 1,500.

ప్రమాణం మార్చకుండా 2 : 1,275 అని రాస్తే మొదటి రైతుకు ఐదున్నర రూపాయల బాడుగ పడుతుంది. అది చూసి తరగతంతా నవ్వింది, ఇక చెప్పాల్సిన పని లేకపోయింది. సరిచూడటానికి పుట్టికి ఎంత పడిందో చూస్తే చాలు. 1,275 కిలోలు పుట్టిన్నర కాబట్టి ఇద్దరికీ పుట్టికి 1,000 రూపాయలు.

కాగితం ఇప్పుడున్న రూపం

ముందు వైపు చెరువు, అన్నదమ్ములు. వెనక వైపు పులుసు, బాడుగ. ప్రతి లెక్కకూ ఎడమవైపు సాధనకు చోటు, కుడివైపు రెండు పెట్టెలు. సాధన చోటు తగ్గించి పెట్టెలను పెద్దవి చేశాను, చోటు చిన్నదైతే పిల్లలు టిక్కు మాత్రం పెట్టి వదిలేస్తున్నారు. మార్కులు కూడా విడగొట్టాను. లెక్కకు అయిదైతే అందులో రెండు పెట్టెలకు. జవాబు తప్పైనా, 'సరిపోలేదు' అని పెట్టెలో నిజాయితీగా రాసి, ఏ వాటా దగ్గర తేడా వచ్చిందో గుర్తిస్తే ఆ రెండు మార్కులూ ఇస్తున్నాను. ఇది చెప్పాక పెట్టెలో అంకెలు సర్ది రాయడం బాగా తగ్గింది.

తర్వాతి కాగితం విలోమానుపాతానిది. దాని మీద ఈ పెట్టెలు ఉన్నవి ఉన్నట్టు పెట్టకూడదు. 6 మంది కూలీలు 4 రోజుల్లో నాటు వేస్తే అదే పొలానికి 8 మందికి ఎన్ని రోజులు? జవాబు 3. ఇక్కడ 'ఒక్కరికి ఎంత' అని 4 ÷ 6, 3 ÷ 8 చేస్తే రెండూ వేరు వేరుగా వస్తాయి, సరైన జవాబు చేసిన పిల్లవాడు తప్పనుకుని కొట్టేస్తాడు. ఇక్కడ మారనిది గుణకారం: 6 × 4, 8 × 3 రెండూ 24 కూలి దినాలు. రెండో పెట్టె పైన 'ఏది మారలేదు?' అని రాసి, భాగహారమా గుణకారమా అన్నది పిల్లలకే వదిలేద్దామని చూస్తున్నాను. దసరా సెలవులు అయ్యాక ముందు ఒక్క సెక్షన్‌లో ఇచ్చి చూడాలి.